స్కేలు, యూనిట్లు లేని చేతిగీత ప్లాన్ ఫొటోను చదవడం ఎలా

నోటుపుస్తకం కాగితం మీద పెన్నుతో గీసిన ఇంటి ప్లాన్. దాన్ని ఫోన్‌తో తీసిన ఫొటో. దాని కింద "ఇది చూసి ఎంతవుతుందో చెప్పండి" అని ఒక్క ముక్క. గదుల్లో అంకెలు ఉంటాయి గానీ అవి అడుగులో మీటర్లో రాయరు. లోపలి కొలతలో, గోడలతో కలిపిన కొలతలో తెలియదు. కట్టబోయే ఇల్లో, కట్టిన ఇల్లో కూడా తెలియదు. టైల్స్ షాపులో, మాడ్యులర్ కిచెన్ వాళ్ల దగ్గర, ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ దగ్గర, సైటు ఇంజినీరు దగ్గర ఇలాంటి ఫొటోలు రోజూ వచ్చి పడుతుంటాయి. పంపినవాళ్లకు ఫోన్ చేసి అడగాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ ఏమీ తేల్చుకోకుండా ఫోన్ చేస్తే "అన్నీ అందులోనే ఉన్నాయండీ" అంటారు. ముందు కాగితం నుంచి రాబట్టగలిగినంత రాబట్టి, మిగిలిన రెండు మూడు ప్రశ్నలే అడగాలి.

ఈ పనిలో మీకు బాగా పనికొచ్చేది గోడల మిగులు. ఇంటి బయటి కొలతలోంచి ఆ వరసలో ఉన్న గదుల కొలతలన్నీ తీసేస్తే మిగిలేది గోడల మందం. ఆ మిగులును బట్టి యూనిట్లు తెలుస్తాయి, కొలత ఏ రకమో తెలుస్తుంది, చాలాసార్లు ఇల్లు కొత్తదో పాతదో కూడా తెలుస్తుంది. ఒక ప్లాన్ తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం.

మనం చదవబోయే కాగితం

గీతల పుస్తకం పేజీ. నిలువుగా ఉన్న దీర్ఘచతురస్రం, అడుగు గీత పక్కన 24, ఎడమ గీత పక్కన 36. లోపల రెండు నిలువు వరసలు. ఎడమ వరసలో పైనుంచి కిందికి: బెడ్‌రూమ్ 11.9, డైనింగ్ 11.5, కిచెన్ 9.10. కుడి వరసలో: బెడ్‌రూమ్ 11.9, దాని కింద 4.6 అని రాసిన సన్నని పట్టీ, దాని కింద హాలు 17.1. ఎడమ వరస వెడల్పు 10.6, కుడి వరస వెడల్పు 11.3. సన్నని పట్టీని మధ్యలో గీత గీసి రెండుగా విడదీశారు: బాత్‌రూమ్ 7.0, పూజ 3.10. కింద "రోడ్డు" అని ఉంది. మెయిన్ డోర్ దగ్గర 3.6×7, కిటికీ దగ్గర 4×4. పై మూలలో విడిగా 96 అనే అంకె. ఉత్తరం గుర్తు లేదు, యూనిట్ ఎక్కడా లేదు.

ముందు ఫొటో సంగతి

వచ్చిన ఫొటో పక్కవాటుగా తీసి ఉంటే, కాగితం మడతల్లో అంకెలు మునిగిపోయి ఉంటే, దానితో కుస్తీ పట్టకండి. ఇంకో ఫొటో అడగండి. కాగితాన్ని నేల మీద పరిచి, పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను సరిగ్గా పైన పట్టుకుని, కాగితం నాలుగు మూలలూ కనబడేలా తీయమనండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది. పెన్సిల్ గీతలు, అంకెల మీది చుక్కలు ముందుగా మాయమయ్యేది అక్కడే.

అంకెలు చదివేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేవి అడుగు, అంగుళం గుర్తులు. 10' అని రాస్తే చేతిరాతలో 101లా కనబడుతుంది. 9" అని రాస్తే 911లా ఉంటుంది. 5'6" అన్నది 516" అయిపోతుంది. ఇంట్లో ఏ గదికీ పొసగని పెద్ద అంకె కనబడితే, చివర ఉన్నది ఒకటి కాదేమో, గుర్తేమో అని మొదట అనుమానించండి. ఆ తర్వాత 1, 7, 3, 8, 0, 6 జంటలు. అనుమానం ఉన్న ప్రతి అంకె పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోండి. లెక్క సరిపోతే అది తనంతట తానే తొలగిపోతుంది.

అక్షరాలు తిరగబడి కనబడితే ఫొటో అద్దంలోలా తిరగేసి తీశారన్నమాట. అది సరిచేయకుండా ముందుకెళ్తే ఎడమ వరస కుడికి పోతుంది.

బొమ్మను కొలవవచ్చా లేదా

రాయని కొలతలను బొమ్మ మీద స్కేలు పెట్టి తీసుకుందామని చాలామందికి అనిపిస్తుంది. దానికి ముందు ఈ చిన్న పరీక్ష చేయండి. కొలత రాసి ఉన్న మూడు నాలుగు గీతలను స్క్రీన్ మీద పిక్సెళ్లలో కొలిచి, రాసిన అంకెతో భాగించండి. గింప్ లాంటి ఫొటో ఎడిటర్‌లో ఎంపిక గీత లాగితే పిక్సెళ్లు కనిపిస్తాయి.

మన కాగితంలో 24 అని రాసిన గీత 960 పిక్సెళ్లు అనుకుందాం. అంటే ఒక్కో యూనిట్‌కు 40. 36 అని రాసిన గీత 1190, అంటే 33. కిచెన్ 9.10 దగ్గర 410, అంటే 45 దరిదాపు. బాత్‌రూమ్ 4.6 దగ్గర 290, అంటే 63. ఈ నాలుగూ దగ్గరదగ్గరగా, అంటే నూటికి నాలుగైదు తేడాలో ఉంటే, గీసినవాళ్లు స్కేలు పాటించారని అనుకోవచ్చు. ఇక్కడ 33 నుంచి 63 దాకా పోయింది. ఇది చేతికొచ్చినట్టు గీసిన బొమ్మ. పేరూ కొలతా రాయడానికి చోటు కావాలి కాబట్టి చిన్న గదులను పెద్దగా గీస్తారు. మొదట ఉత్సాహంగా పెద్దగా మొదలుపెట్టి, కాగితం అయిపోతుంటే చివరి గదులను కుదిస్తారు. ఇలాంటి బొమ్మలో ఏ గది ఏ గది పక్కన ఉందో నమ్మవచ్చు, తలుపు ఏ గోడలో ఉందో నమ్మవచ్చు. గీత పొడవును మాత్రం నమ్మకూడదు. రాసి లేని కొలతను కొలిచి తీసుకోకూడదు.

ఫొటో వంకర వల్లే తేడా వస్తోందేమో అన్న అనుమానం వస్తే గీతల పుస్తకమే తీరుస్తుంది. పేజీ పైభాగంలో పది గీతల మధ్య దూరం, కిందిభాగంలో పది గీతల మధ్య దూరం కొలిచి చూడండి. రెండూ సమానంగా ఉంటే ఫొటోది తప్పు కాదు. పైన బాగా తక్కువ ఉంటే, గింప్ లాంటి వాటిలో పర్‌స్పెక్టివ్ టూల్‌తో కాగితం నాలుగు మూలలనూ లాగి సరిచేశాకే పరీక్ష మళ్లీ చేయండి. ఫోన్‌లోని స్కానింగ్ యాప్ కూడా ఈ పని చేస్తుంది.

చుక్క తర్వాత అంకె ఏమిటి

ఇప్పుడు అసలు చిక్కు. 11.9 అంటే పదకొండు అడుగుల తొమ్మిది అంగుళాలా, 11.9 అడుగులా, 11.9 మీటర్లా?

మన మేస్త్రులు, ఇంటివాళ్లు 11.9 అని రాస్తే సాధారణంగా అది 11 అడుగుల 9 అంగుళాలే. కానీ సాధారణంగా అని సరిపెట్టుకోకుండా కాగితంలోనే సాక్ష్యం వెతకండి. చుక్క తర్వాత కొన్నిచోట్ల ఒక అంకె, కొన్నిచోట్ల రెండంకెలు ఉండి, ఆ రెండంకెలు 10 లేదా 11 మాత్రమే అయితే అవి అంగుళాలు. మన కాగితంలో 9.10, 3.10 ఉన్నాయి, వాటి పక్కనే 11.9, 11.5 ఉన్నాయి. దశాంశంలో రాసేవాళ్లు 9.1 అనే రాస్తారు, సున్నా పెట్టరు. మీటర్లలో రాసే ఇంజినీర్లయితే అన్నిటికీ రెండు స్థానాలు పెడతారు: 3.05, 3.60, 4.27. ఎక్కడైనా 12.75 లాంటిది కనబడిందంటే అంగుళాలు కావు, ఎందుకంటే అంగుళాలు 11 దాటవు. 3050, 3660 లాంటి నాలుగంకెలు ఉంటే మిల్లీమీటర్లు. పక్కనే 230, 115 కనిపిస్తే అవి తొమ్మిదంగుళాల గోడ, నాలుగున్నర గోడ అని వెంటనే పోల్చుకోవచ్చు.

తలుపులు ఇంకో సాక్ష్యం. 3.6×7 అన్నది మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న మెయిన్ డోర్. మీటర్లయితే ఏడు మీటర్ల ఎత్తు తలుపు ఏ ఇంటికీ ఉండదు. మూలలో విడిగా ఉన్న 96 కూడా ఇదే చెబుతోంది: 24ను 36తో గుణిస్తే 864 చదరపు అడుగులు, 9తో భాగిస్తే సరిగ్గా 96 గజాలు. యూనిట్ రాయని విడి అంకె కనబడితే ఇలా వైశాల్యంతో పోల్చి చూడండి. గజాలతో కుదరకపోతే సెంట్లతో చూడండి, సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. అంకణాలైతే జాగ్రత్త, ఒకచోట 36 చదరపు అడుగులు, ఇంకోచోట 72. ఊరు తెలియకుండా అంకణాన్ని మార్చకండి.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. ఈ అంకెలను స్ప్రెడ్‌షీట్‌లో ఉన్నదున్నట్టు కొడితే 9.10 కాస్తా 9.1 అయిపోతుంది. తొమ్మిదడుగుల పది అంగుళాల కిచెన్ తొమ్మిదడుగుల ఒక అంగుళం అవుతుంది. ముప్పావు అడుగు పోయినా ఎవరికీ కనిపించదు. అడుగులు ఒక గడిలో, అంగుళాలు పక్క గడిలో కొట్టి, మూడో గడిలో అంగుళాల్లోకి మార్చుకోండి:

```
=A2*12+B2
```

కాలిక్యులేటర్‌తో అయినా అంతే. అన్నీ అంగుళాల్లోకి మార్చి కూడి, చివర్లో 12తో భాగించండి.

మిగులు లెక్క

ఇప్పుడు అడ్డంగా చూద్దాం. ఎడమ వరస 10'6", కుడి వరస 11'3". కలిపితే 21'9". బయటి కొలత 24'. మిగులు 2'3", అంటే 27 అంగుళాలు. ఈ దారిలో అడ్డొచ్చే గోడలు మూడు: ఎడమ బయటి గోడ, మధ్య గోడ, కుడి బయటి గోడ. 27ను 3తో భాగిస్తే 9. తొమ్మిదంగుళాల గోడ అచ్చంగా వచ్చింది.

నిలువుగా ఎడమ వరస: 11'9", 11'5", 9'10" కలిపితే 33'. బయటి కొలత 36', మిగులు 3 అడుగులు. గోడలు నాలుగు. మళ్లీ తొమ్మిదంగుళాలే. ఇదే లెక్కను దశాంశంగా చేస్తే 11.9, 11.5, 9.1 కలిపి 32.5 వస్తుంది, మిగులు మూడున్నర అడుగులు, గోడకు పదిన్నర అంగుళాలు. ఆ మందం ఒట్టి ఇటుకతో రాదు, అడ్డంగా దశాంశంలో చేస్తే వచ్చే 8.4తోనూ పొసగదు. అంగుళాలన్న మన అంచనా ఇక్కడ గట్టిపడింది.

ఈ లెక్క కొలతల రకాన్ని కూడా తేల్చింది. రాసినవి గోడ మధ్య నుంచి గోడ మధ్యకు తీసిన సెంటర్ కొలతలైతే, వాటిని కూడి ఒక్క గోడ మందం కలిపితే చాలు, బయటి కొలత రావాలి. 21'9"కు 9" కలిపితే 22'6", మనకు కావలసిన 24 రాలేదు. కాబట్టి ఇవి గది లోపలి కొలతలు. ప్రతి ప్లాన్‌కూ ఈ రెండు కూడికలూ చేసి చూడండి. ఏది అచ్చంగా కుదిరితే కొలత ఆ రకందే.

ఇక కుడి వరస. 11'9", 4'6", 17'1" కలిపితే 33'4". మిగులు 2'8", అంటే 32 అంగుళాలు. గోడలు నాలుగే, కానీ నాలుగూ తొమ్మిదంగుళాలైతే 36 కావాలి, నాలుగు అంగుళాలు తక్కువ పడుతున్నాయి. చాలామంది ఇక్కడ "ప్లాన్ తప్పు" అని వదిలేస్తారు. తప్పు కాదు. మూడు గోడలు తొమ్మిది, ఒకటి నాలుగున్నర వేసి చూడండి: 27, 4½ కలిపి 31½. ఇప్పుడు అర అంగుళమే మిగిలింది. ఆ అర అంగుళాన్ని రాసేటప్పుడు వదిలేశారు. అంటే పట్టీకి రెండు వైపులా ఉన్న గోడల్లో ఒకటి, బహుశా హాలు వైపుది, నాలుగున్నర గోడ. బాత్‌రూమ్‌కూ పూజగదికీ మధ్య చూసినా అదే వస్తుంది: 7'0", 3'10" కలిపి 10'10", వెడల్పు 11'3", మిగులు 5 అంగుళాలు. నాలుగున్నర గోడ, అర అంగుళం వదిలివేత. రెండుచోట్లా ఒకే తీరు కనబడింది కాబట్టి నమ్మవచ్చు. పట్టీ నాలుగున్నర గోడ హాలు వైపుందో, బెడ్‌రూమ్ వైపుందో మాత్రం కొలతల కంటే బొమ్మే బాగా చెబుతుంది. ఆ గోడను ఒంటి గీతతో గీశారేమో, మిగతావాటిని జంట గీతలతో గీశారేమో పెద్దది చేసి చూడండి.

మిగులు తేడా 4½ లేదా 9 అంగుళాలు ఉంటే అది ఎక్కడో ఒక గోడ సంగతి: మర్చిపోయిన గోడ, సన్నని గోడ, రెండుసార్లు లెక్కపెట్టిన గోడ. తేడా సరిగ్గా అడుగు ఉంటే అది కూడికలో లేదా అంకె చదవడంలో తప్పు. రెండుమూడు అంగుళాల తేడా ఏ గోడకూ పొసగకపోతే ఎవరో టేపుతో కొలిచి సరిగా పట్టుకోలేదన్నమాట, దాన్ని మీరు సర్దకండి.

ఇటుక కాకుండా సిమెంట్ బ్లాకులతో కట్టే ఇళ్లలో గోడకు 6 లేదా 8 అంగుళాలు మిగులుతుంది, లోపలి గోడలకు 4 వస్తుంది. అంకె మారినా పద్ధతి ఇదే.

కొత్తదా, కట్టేసినదా

ఉద్దేశం కనిపెట్టడానికి కూడా మిగులే ఆధారం. గోడకు సరిగ్గా 9 మిగిలితే అది ప్లాస్టరింగ్ లేని ఇటుక లెక్క, అంటే కాగితం మీద వేసుకున్న కొత్త ఇల్లు. అదే పూర్తయిన ఇంట్లో టేపు పట్టి కొలిస్తే రెండు వైపులా ప్లాస్టరింగ్ కలిసి గోడకు 10 అంగుళాల పైన మిగులుతుంది, నాలుగున్నర గోడకు అయిదున్నర. ఇంకో గుర్తు: కొత్త ప్లాన్‌లో బయటి కొలతలు గుండ్రంగా ఉంటాయి, 24, 36 లాగా. లోపలివి వాటిలోంచి గోడలు తీసేస్తే వచ్చిన బేసి అంకెలు. కట్టిన ఇంట్లో బయటివి కూడా 23'10½" లాగా గుండ్రంగా ఉండవు. మన కాగితం కట్టబోయే ఇంటిదే.

ఇది ఎందుకు ముఖ్యమో ఒక్కో పనిలో చూడండి. హాలు 17'1"×11'3" అని ఉంది కదా. రెండడుగుల టైల్స్‌కు వైశాల్యం లెక్క వేస్తే 192 చదరపు అడుగులు, 48 టైల్స్. కానీ వరసలు పెట్టి చూస్తే పొడవున ఎనిమిది నిండు టైల్స్, ఒక కోత ముక్క. వెడల్పున అయిదు నిండువి, ఒక కోత. కోత ముక్క సగం కంటే పెద్దది కాబట్టి ఒక టైల్‌లోంచి రెండు రావు. తొమ్మిది ఆరులు 54 కావాలి. రెండువైపులా ప్లాస్టరింగ్ పోగా గది ఒక్కో దిక్కున అంగుళం తగ్గినా ఆ 54 సరిపోతాయి. కాబట్టి టైల్స్ అంచనాకు ఈ కాగితం చాలు.

కిచెన్ క్యాబినెట్లకు చాలదు. 9'10" గోడకు క్యాబినెట్ చేయిస్తే ప్లాస్టరింగ్ తర్వాత గది 9'9" మాత్రమే ఉంటుంది, టైల్ అంటిస్తే ఇంకా తగ్గుతుంది. ఇలాంటివి గోడ పూర్తయ్యాక సైటులో కొలవాల్సిందే, కాగితం చూసి ఆర్డర్ పెట్టకూడదు.

సైటులో ముగ్గు పోయడానికైతే లోపలి కొలతలను సెంటర్ కొలతలుగా మార్చాలి. ఎడమ వరస సెంటర్ టు సెంటర్ 10'6", 9" కలిపి 11'3". కుడి వరస 12'0". రెండూ కలిపి 23'3", దానికి 9" కలిపితే 24'. ఈ కాగితంలో ఒక ఉచ్చు ఉంది, గమనించారా? 11'3" అన్నది కుడి గది లోపలి కొలత, అదే అంకె ఎడమ వరస సెంటర్ కొలత. తాడు పట్టేవాళ్ల చేతికి రెండూ ఒకే కాగితం మీద వెళ్తే గోడ ముప్పావు అడుగు జరిగిపోతుంది. సెంటర్ కొలతలు వేరే కాగితం మీద రాయండి.

ఇంకోటి కాగితం నుంచి తేలనిది: 24×36 అన్నది ఇల్లా, స్థలమా? 96 గజాలు ఇంటి వైశాల్యమే కావచ్చు, స్థలం మొత్తం కావచ్చు. స్థలమే అయితే గోడలు హద్దు మీద ఉన్నాయి, చుట్టూ వదలాల్సిన ఖాళీ లేదు, అనుమతి దగ్గర ఆగిపోతుంది. ఇది తప్పక అడగాల్సిన ప్రశ్న.

దిక్కు

ఉత్తరం గుర్తు లేకపోతే గదులను బట్టి ఊహించవచ్చు, ఎందుకంటే మన దగ్గర ఎక్కువమంది వాస్తు ప్రకారం వేయించుకుంటారు. వంటిల్లు ఆగ్నేయంలో, కుదరకపోతే వాయవ్యంలో. పెద్ద పడకగది నైరుతిలో. మన కాగితంలో రోడ్డు కింద ఉంది, కిచెన్ కింద ఎడమ మూలలో. నాలుగు దిక్కులూ వేసి చూడండి. కింద ఉత్తరమైతే కిచెన్ ఈశాన్యంలో పడుతుంది, దక్షిణమైతే నైరుతిలో పడుతుంది. రెండూ ఎవరూ ఒప్పుకోరు. పడమరైతే కిచెన్ వాయవ్యంలో, ఎడమ బెడ్‌రూమ్ ఈశాన్యంలో. తూర్పైతే కిచెన్ ఆగ్నేయంలో, ఎడమ బెడ్‌రూమ్ నైరుతిలో. కాబట్టి తూర్పు రోడ్డు అయ్యే అవకాశం ఎక్కువ. ఇది ఊహే, నిర్ధారణ కాదు. పేజీని ఎటు తిప్పి గీశారన్నది గీసినవాళ్ల వీలును బట్టి ఉంటుంది, కాగితం పైభాగం ఉత్తరమని అనుకోకండి.

అసలు అంకెలే లేకపోతే

ముందు చెప్పిన పిక్సెళ్ల పరీక్ష కూడా కుదరదు, కొలత రాసి ఉండాలి కదా. అప్పుడు తెలిసిన వస్తువులే దిక్కు: గది తలుపు 3 అడుగులు, బాత్‌రూమ్ తలుపు రెండున్నర, కిచెన్ గట్టు రెండడుగుల లోతు, మెట్టు అడుగుపట్టే వెడల్పు 10 అంగుళాలు. వీటిలో మూడింటితో విడివిడిగా స్కేలు లెక్కవేయండి. మూడూ దగ్గరగా వస్తే ఆ గదిని "ఇంచుమించు పది, పన్నెండు అడుగుల మధ్య" అని చెప్పవచ్చు. దూరంగా వస్తే ఏమీ చెప్పకండి. చేతిగీతలో తలుపు సందును అందరూ ఇష్టం వచ్చినంత గీస్తారు, ఒక్క తలుపును నమ్మి మొత్తం ఇంటికి స్కేలు కట్టడం ఈ పనిలో జరిగే పెద్ద పొరపాటు.

స్థలం హద్దుల కాగితం అయితే సంగతి వేరు. పాత సర్వే పటాల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి, 100 లింకులకు 66 అడుగులు. వాటిని అడుగులనుకుని ఇంటి ప్లాన్‌తో కలిపితే ఏదీ కుదరదు.

తిరిగి గీయడం, అడగడం

ఇప్పుడు ప్లాన్‌ను శుభ్రంగా తిరిగి గీయండి. ప్రతి కొలతకూ మూడు రకాల్లో ఏదో ఒకటి గుర్తు పెట్టండి. కాగితం మీద ఉన్నది నల్ల పెన్నుతో, లెక్కలో వచ్చింది నీలి పెన్నుతో, ఊహించింది ఎర్ర పెన్నుతో. మన కాగితంలో గది కొలతలు, బయటి కొలతలు, తలుపు, కిటికీ నల్లవి. గోడ మందాలు నీలివి. దిక్కు ఎర్రది. కాగితంలో లేనివి, అంటే స్లాబు ఎత్తు, పిల్లర్లు, మెట్లు, బాత్‌రూమ్ తలుపు స్థానం ఖాళీగా వదిలేయండి. ముఖ్యంగా పిల్లర్ల సంగతి చేతిగీతలోంచి ఊహించకండి. ఉన్న ఇంట్లో గోడ తీయడానికి ఇలాంటి ఫొటో చూసి "తీయొచ్చు" అని ఎవరికీ చెప్పకండి, అది వచ్చి చూసే ఇంజినీరు పని.

తర్వాత ఇలా ఒక మెసేజ్ పంపండి: "మీరు పంపిన ప్లాన్‌లో కొలతలు అడుగులు, అంగుళాలు అని, గది లోపలివి అని తీసుకున్నాను. గోడలు తొమ్మిదంగుళాలు, బాత్‌రూమ్‌కు హాలు వైపు, పూజగది వైపు ఉన్నవి మాత్రం నాలుగున్నర. సరేనా? 24×36 ఇల్లా, స్థలం మొత్తమా? రోడ్డు తూర్పా? స్థలంలో రెండు మూలల కొలతలు, అంటే మూల నుంచి ఎదురు మూలకు, టేపు పట్టి చెప్పగలరా?"

ఈ చివరి ప్రశ్న ఎందుకంటే కాగితం మీద అన్ని మూలలూ సరిమూలలే, స్థలాలు అలా ఉండవు. 24×36 స్థలమే అయి, మూలమట్టం సరిగ్గా ఉంటే రెండు మూలల కొలతలూ 43 అడుగుల 3 అంగుళాల దగ్గర రావాలి. ఒకటి 42'9", ఇంకోటి 43'9" అని వస్తే స్థలం వంకరగా ఉంది, గదుల్లో కనీసం ఒకటి సరిమూలలతో రాదు. అలాంటప్పుడు ఏ గదిలో వంకర వదిలిపెట్టాలో ఇంటివాళ్లతో మాట్లాడి, దాన్ని ప్లాన్ మీద గీసి చూపించాకే ముగ్గు పోయించండి.